షేర్ క్యాపిటల్ తగ్గింపు: కంపెనీ ఎందుకు చేస్తుంది, దానికి అప్పు ఇచ్చినవాడి సంగతేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 66 గురించి పదే పదే వచ్చే ప్రశ్నలకి జవాబులివి. ఎక్కువ భాగం అప్పిచ్చినవాళ్ల వైపు నుంచే రాశాను, ఎందుకంటే కంపెనీ వైపు చెప్పడానికి లాయరూ సీఏ ఇద్దరూ ఉంటారు, సరుకు పంపి బిల్లు కోసం ఎదురుచూసేవాడికి ఎవరూ ఉండరు.

అసలు షేర్ క్యాపిటల్ తగ్గించడం అంటే ఏంటి?

షేర్‌హోల్డర్లు కంపెనీలో పెట్టిన పెట్టుబడి బ్యాలెన్స్ షీట్‌లో ఒక అంకెగా ఉంటుంది కదా, ఆ అంకెని తగ్గించడమే. సెక్షన్ 66 ఏ పద్ధతిలోనైనా తగ్గించొచ్చు అంటుంది కానీ మామూలుగా కనిపించేవి మూడు. షేర్ మీద ఇంకా కట్టాల్సిన డబ్బుని మాఫీ చేయడం ఒకటి. పోయిన డబ్బుకి సరిపడా, అంటే ఇప్పుడు ఆస్తులుగా ఎక్కడా కనపడని పెట్టుబడిని కొట్టేయడం రెండోది. కంపెనీకి అవసరం లేని మిగులు డబ్బుని షేర్‌హోల్డర్లకి తిరిగి ఇచ్చేయడం మూడోది. ఈ మూడింట్లో అప్పిచ్చినవాడికి తగిలే దెబ్బ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది, అందుకే నోటీసు వచ్చిందంటే ముందు చూడాల్సింది ఇది ఏ రకం తగ్గింపు అని.

నష్టాలు కొట్టేయడానికి చేస్తే డబ్బు బయటికి పోదు కదా, మరి ఎందుకు చేస్తారు?

ఒక లెక్క చూద్దాం, ఊహించి రాసిందే. ఒక కంపెనీలో పది రూపాయల షేర్లు కోటి ఉన్నాయి, అంటే పెట్టుబడి 10 కోట్లు. ఏళ్ల తరబడి నష్టాలొచ్చి పేరుకుపోయిన నష్టం 6 కోట్లు. బ్యాంకుకి 3 కోట్లు, సప్లయర్లకి 1 కోటి బాకీ. ఆస్తులన్నీ కలిపి 8 కోట్లు. ఇప్పుడు షేర్ ముఖవిలువ 10 నుంచి 4కి దించారు, ఆ 6 కోట్లతో నష్టాన్ని తుడిచేశారు. తర్వాత చూస్తే పెట్టుబడి 4 కోట్లు, నష్టం సున్నా, బాకీలు అవే 4 కోట్లు, ఆస్తులు అవే 8 కోట్లు. ఒక్క రూపాయి కూడా కదల్లేదు, బ్యాలెన్స్ షీట్ మాత్రం శుభ్రంగా కనపడుతోంది.

ఇదంతా అందం కోసమే చేస్తారా అంటే కాదు. అసలు సంగతి డివిడెండ్ దగ్గర ఉంది. సెక్షన్ 123 ప్రకారం పాత నష్టాలు ఈ ఏడాది లాభంలో సర్దుబాటు చేశాకే డివిడెండ్ ప్రకటించాలి. ఆ 6 కోట్లు అలాగే ఉంటే ఏడాదికి కోటి చొప్పున లాభం వచ్చినా ఆరేళ్లు షేర్‌హోల్డర్లకి పైసా రాదు, కొత్తగా డబ్బు పెడదామని వచ్చినవాడు ఆ మాట విని వెనక్కి తగ్గుతాడు. నష్టం తుడిచేస్తే వచ్చే ఏడాది లాభం నుంచే ఇవ్వొచ్చు.

అయితే అప్పిచ్చినవాళ్లకి నష్టమేమీ లేనట్టేనా?

ఈరోజుకి లేదు, రేపటికి ఉంది. పై లెక్కలోనే చూడండి, నష్టాలు అలాగే ఉండి ఉంటే ఆరేళ్ల లాభం, అంటే 6 కోట్లు, డివిడెండ్ రూపంలో బయటికి పోకుండా కంపెనీలోనే ఉండేది, అది అప్పిచ్చినవాడికి కనపడని కంచె. ఇప్పుడు ఆ కంచె తీసేశారు. అందుకే 'ఇది కేవలం బుక్ ఎంట్రీ సార్, మీకేం సంబంధం లేదు' అని కంపెనీ అకౌంటెంట్ ఫోన్‌లో చెప్పినప్పుడు సగం నిజమే చెప్తున్నాడని గుర్తుపెట్టుకోండి. చట్టం కూడా నష్టాల కొట్టివేత కదా అని క్రెడిటర్లకి నోటీసు అక్కర్లేదు అనలేదు, సెక్షన్ 66లో మూడు రకాలకీ నోటీసు ఒకటే.

డబ్బు తిరిగి ఇచ్చే రకంలో పరిస్థితి ఏంటి?

అది నేరుగానే తగులుతుంది. ఇంకో కంపెనీ అనుకోండి, ఒక యూనిట్ అమ్మేసింది, చేతిలో నగదు 7 కోట్లు, మిగతా ఆస్తులు 6 కోట్లు, మొత్తం 13 కోట్లు. బాకీలు 3 కోట్లు, పెట్టుబడి 10 కోట్లు. అందులో 5 కోట్లు షేర్‌హోల్డర్లకి ఇచ్చేస్తామంటోంది. ఇచ్చాక ఆస్తులు 8 కోట్లు, బాకీలు 3 కోట్లు. ముందు 3 కోట్ల బాకీ వెనక 13 కోట్లు ఉండేవి, ఇప్పుడు 8 ఉన్నాయి, అది కూడా నగదు 2 కోట్లే, మిగతా 6 కోట్లు మిషన్లూ స్టాకూ, అవి అమ్ముడుపోతే గానీ డబ్బు కాదు. కాగితం మీద కంపెనీ ఇంకా బాగానే ఉంది, కానీ తేలిగ్గా వసూలయ్యే భాగమే బయటికి వెళ్లిపోయింది.

1887లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ట్రెవర్ వర్సెస్ విట్‌వర్త్ కేసులో చెప్పింది ఇదే సూత్రం. కంపెనీకి అప్పిచ్చినవాడికి ఆ పెట్టుబడే ఆధారం, వ్యాపారంలో నష్టపోతే పోవచ్చు గానీ చట్టం ఒప్పుకున్న దారిలో తప్ప షేర్‌హోల్డర్ల జేబులోకి తిరిగి పోకూడదు అని. మన సెక్షన్ 66 ఆ 'ఒప్పుకున్న దారి'.

మొదటి రకం, అంటే కట్టాల్సిన డబ్బు మాఫీ?

తక్కువగా జరుగుతుంది. పది రూపాయల షేర్ మీద ఆరే కట్టారు, మిగతా నాలుగు కట్టక్కర్లేదు అంటే, కోటి షేర్లకి 4 కోట్లు అడిగి తెచ్చుకునే హక్కు కంపెనీ వదులుకున్నట్టే. కంపెనీ మునిగితే క్రెడిటర్లకి దక్కాల్సిన డబ్బు అది.

ఎవరు ఓకే అంటే ఇది జరుగుతుంది?

షేర్‌హోల్డర్లు ప్రత్యేక తీర్మానం చేయాలి, అంటే ఓటేసినవాళ్లలో నాలుగింట మూడొంతులు అనుకూలంగా ఉండాలి. ఆ తర్వాత ఎన్‌సీఎల్‌టీ, అంటే నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్, ఖాయం చేయాలి. 1956 చట్టం కింద ఇది హైకోర్టు పని, సెక్షన్ 66 2016 డిసెంబర్ 15న అమల్లోకి వచ్చాక ట్రిబ్యునల్‌కి మారింది. షేర్‌హోల్డర్లు నూటికి నూరు శాతం ఒప్పుకున్నా ట్రిబ్యునల్ ఆర్డర్ లేనిదే కుదరదు. ఇంకొకటి, జనం దగ్గర తీసుకున్న డిపాజిట్లుగానీ వాటి వడ్డీగానీ బకాయి పడిన కంపెనీకి ఈ దారి మూసేసి ఉంటుంది, దానికి ఆడిటర్ సర్టిఫికెట్ జతచేయాలి.

క్రెడిటర్ల లిస్ట్ అంటున్నారు, అదేంటి?

మొత్తం వ్యవహారానికి గుండెకాయ అదే. కంపెనీ ఆర్‌ఎస్‌సీ-1 ఫారంలో ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు ఎవరెవరికి ఎంత బాకీ ఉందో పేరు, అడ్రస్, ఏ తరగతి క్రెడిటర్, ఎంత మొత్తం అన్నీ రాసి ఇవ్వాలి. ఆ లిస్ట్ దరఖాస్తు వేసే రోజుకి 15 రోజుల కంటే పాతది అవ్వకూడదు. మేనేజింగ్ డైరెక్టర్ గానీ ఇద్దరు డైరెక్టర్లు గానీ సర్టిఫై చేయాలి, సరిగ్గా ఉందని ఆడిటర్ కూడా రాయాలి.

గోల ఎక్కడొస్తుందంటే ఆ లిస్ట్‌ని అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లోని 'సండ్రీ క్రెడిటర్స్' లెడ్జర్ నుంచి తీసేసి చేతులు దులుపుకుంటారు. లెడ్జర్‌లో బిల్లు ఎక్కినవాడే ఉంటాడు. బిల్లు రాకుండా సరుకు మాత్రం అందిన సప్లయర్, గ్రాట్యుటీ రావాల్సిన ఉద్యోగి, కోర్టులో కేసు వేసినవాడు, పన్ను అప్పీల్ నడుస్తున్న డిపార్ట్‌మెంట్, వీళ్లు లెడ్జర్‌లో కనపడకపోవచ్చు, కానీ నియమాలు చెప్పేది బాకీ ఒక్కటే కాదు, ఇంకా తేలని బాకీ, క్లెయిమ్ కూడా. ఆడిట్ అయిన లెక్కల్లో ఇంకా తేలని బాకీలు రాసే కంటింజెంట్ లయబిలిటీస్ నోట్ తీసి లిస్ట్ పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే దొరుకుతుంది, నేను ఎప్పుడూ మొదట చేసే పని అదే.

నాకు నోటీసు ఎలా వస్తుంది?

ట్రిబ్యునల్ చెప్పాక కంపెనీ ప్రతి క్రెడిటర్‌కీ ఆర్‌ఎస్‌సీ-3 ఫారంలో నోటీసు పంపాలి, మామూలుగా ఏడు రోజుల్లో. అందులో ఎంత క్యాపిటల్ తగ్గిస్తున్నారో, లిస్ట్‌లో మీ పేరున ఎంత బాకీ రాశారో, ఎప్పటిలోగా అభ్యంతరం చెప్పొచ్చో ఉంటుంది. పేపర్లో కూడా ఒక ఇంగ్లీష్, ఒక స్థానిక భాషలో ప్రకటన వేయాలి. ఆ ప్రకటనలు చూసేవాళ్లెవరో నాకు ఇప్పటికీ అర్థం కాదు గానీ వేయాలి. కేంద్ర ప్రభుత్వానికి, కంపెనీల రిజిస్ట్రార్‌కి, లిస్టెడ్ అయితే సెబీకి వేరే నోటీసులు వెళ్తాయి.

లిస్ట్ మొత్తం కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసులో చూడ్డానికి దొరకాలి. అడిగి చూడండి, మీ పేరే కాదు, మీతోపాటు ఎవరెవరున్నారో తెలిస్తే కంపెనీ పరిస్థితి కూడా తెలుస్తుంది.

నోటీసు వచ్చింది, ఏమీ చేయకపోతే?

అందిన రోజు నుంచి మూడు నెలల టైం ఉంటుంది. ఆ లోపు మీరేం చెప్పకపోతే మీకు అభ్యంతరం లేనట్టే చట్టం అనుకుంటుంది. ఇది చాలామందికి తెలియదు, 'నేను ఒప్పుకోలేదు కదా, సంతకం పెట్టలేదు కదా' అంటారు. ఇక్కడ మౌనమే సంతకం. తెలిసిన ఒక సప్లయర్, పేరు వద్దు, ఆ కవర్ వచ్చినప్పుడు 'ఏదో కోర్టు కాగితం, మన మీద కేసు కాదులే' అని ఫైల్ కింద పెట్టేశాడు, ఐదు నెలల తర్వాత నాకు చూపించాడు. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు.

అభ్యంతరం ఎలా చెప్పాలి, ఏం రాయాలి?

రాతపూర్వకంగా ట్రిబ్యునల్‌కి పంపాలి, కాపీ కంపెనీకి కూడా పంపాలి. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, మీ ఇన్‌వాయిస్‌లు, సరుకు అందినట్టు చలాన్లు, కంపెనీ వాళ్లే పంపిన బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మెయిల్, ఇవి జతచేసి మీ బాకీ ఎంతో, ఎందుకు మీకు భయమో రాస్తే చాలు. 'ఈ తగ్గింపు అన్యాయం' అని మూడు పేజీలు రాసి అంకె రాయనివాళ్లని చూశాను, అది ఉపయోగపడదు.

నా బాకీ 18 లక్షలు, లిస్ట్‌లో 11 లక్షలే రాశారు. ఇప్పుడు?

ఇదే ఎక్కువగా జరిగే తగాదా. ఉదాహరణకి కంపెనీ వాళ్లు సరుకు నాణ్యత బాలేదని 7 లక్షలు డెబిట్ నోట్ వేసుకున్నారు, మీరు ఆ నోట్ ఒప్పుకోలేదు. మూడు నెలలలోపు మీరు 18 అని రాసి పంపారు. కంపెనీ దానికి జవాబిచ్చి, గడువు ముగిసిన ఏడు రోజుల్లో వచ్చిన అభ్యంతరాలూ తమ జవాబులూ ట్రిబ్యునల్ ముందు పెట్టాలి. ట్రిబ్యునల్ కావాలంటే ఆ క్లెయిమ్ మీద విచారణ జరపమనొచ్చు.

ఇప్పుడు సెక్షన్ 66(3) చదవండి. ప్రతి క్రెడిటర్ విషయంలో నాలుగింట్లో ఒకటి జరిగినట్టు ట్రిబ్యునల్‌కి నమ్మకం కలగాలి: బాకీ తీర్చేశారు, లేదా ఎంతో తేల్చారు, లేదా దానికి భద్రత కల్పించారు, లేదా అతను ఒప్పుకున్నాడు. మీ కేసులో కంపెనీకి తేలికైన దారి ఏంటంటే, ఒప్పుకున్న 11 లక్షలు కట్టేసి, తగాదాలో ఉన్న 7 లక్షలకి బ్యాంక్ గ్యారంటీ గానీ ఫిక్స్‌డ్ డిపాజిట్ గానీ పెట్టడం. అప్పుడు ఆ 7 లక్షల సంగతి మీరూ వాళ్లూ సివిల్ కోర్టులోనో ఆర్బిట్రేషన్‌లోనో తేల్చుకుంటారు, మీరు గెలిస్తే డబ్బు సిద్ధంగా ఉంటుంది. తగ్గింపు మాత్రం ఆగదు.

అంటే ఒక్క క్రెడిటర్ వద్దంటే మొత్తం ఆగిపోతుందన్నది నిజం కాదా?

కాదు. అతనికి వీటో లేదు, భద్రత కోరే హక్కు ఉంది. మీరు ఎంత గట్టిగా వద్దన్నా కంపెనీ మీ డబ్బు మీ చేతిలో పెడితే మీ మాటకి బలం పోతుంది. ఇది న్యాయమే అని నా ఉద్దేశం, లేకపోతే చిన్న బాకీ రావాల్సినవాడు పెద్ద కంపెనీ మెడ పట్టుకుని రెట్టింపు అడుగుతాడు. కానీ ఇక్కడ 'భద్రత' అన్న మాటకి చట్టంలో కొలత లేదు, అందుకే కంపెనీలు ఊరికే 'బాకీలు మామూలుగా కట్టేస్తాం' అని ఒక అఫిడవిట్ ఇచ్చి గట్టెక్కడానికి చూస్తాయి. అభ్యంతరం పెట్టినవాడు అది చాలదు, డబ్బు పక్కన పెట్టండి అని అడగాలి. అడగనివాడికి అఫిడవిటే మిగులుతుంది.

బ్యాంకు సంగతి వేరేగా ఉంటుందా?

చట్టంలో వేరే కాదు, చేతల్లో వేరే. లోన్ అగ్రిమెంట్‌లో క్యాపిటల్ స్ట్రక్చర్ మార్చాలంటే ముందు మా అనుమతి కావాలి అని ఒక క్లాజ్ దాదాపుగా ఉంటుంది. అందుకని కంపెనీ ముందే బ్యాంకు దగ్గర నో అబ్జెక్షన్ లెటర్ తెచ్చుకుంటుంది, తేకపోతే లోన్ మొత్తం వెంటనే కట్టమని బ్యాంకు అడగొచ్చు. చిన్న సప్లయర్‌కి అగ్రిమెంటే ఉండదు, ఉన్నదల్లా ఈ నోటీసే.

నోటీసు ఇవ్వకుండానే ట్రిబ్యునల్ ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. ప్రతి క్రెడిటర్ బాకీ తీరిందనో, తేలిందనో, భద్రత ఉందనో, సమ్మతి ఇచ్చాడనో తృప్తి పడితే క్రెడిటర్లకి నోటీసు పంపడం, పేపర్లో వేయడం మినహాయించే వీలు నియమాల్లోనే ఉంది. అందుకే కొన్ని కంపెనీలు దరఖాస్తుకి ముందే అందరి దగ్గరా సమ్మతి లెటర్లు సంతకం చేయించుకుంటాయి. పర్చేజ్ మేనేజర్ 'ఊరికే ఫార్మాలిటీ, ఒక సంతకం పెట్టండి' అని పంపే కాగితం అదే కావచ్చు, పెట్టే ముందు చదవండి.

నా పేరే లిస్ట్‌లో లేకపోతే, తగ్గింపు అయిపోయాక తెలిస్తే?

సెక్షన్ 66(8) ఉంది. ఈ ప్రొసీడింగ్స్ గురించిగానీ, అవి మీ బాకీని ఎలా తాకుతాయన్నదిగానీ తెలియక లిస్ట్‌లో ఎక్కకుండా పోయి, తర్వాత కంపెనీ మీ బాకీ ఎగ్గొడితే, ఆర్డర్ రిజిస్టర్ అయిన రోజున ఉన్న సభ్యులందరూ డబ్బు కట్టాల్సి రావచ్చు. వినడానికి బాగుంది కదా. కానీ ఎంతవరకు? రిజిస్ట్రేషన్‌కి ముందురోజే కంపెనీ మూతపడి ఉంటే ఎంత కట్టాల్సి వచ్చేదో అంతవరకే. షేర్ మీద మొత్తం డబ్బు ముందే కట్టేసినవాడు లిక్విడేషన్‌లో ఇంకేమీ కట్టక్కర్లేదు, కాబట్టి ఇక్కడా అతని వాటా సున్నా. మన దేశంలో ఎక్కువ కంపెనీల షేర్లు పూర్తిగా కట్టినవే, అంటే ఈ రక్షణ డబ్బు పూర్తిగా కట్టని షేర్లున్న సందర్భంలోనే పనికొస్తుంది.

అసలు భయం ఇంకోచోట ఉంది. అభ్యంతరం చెప్పే హక్కున్న క్రెడిటర్ పేరు తెలిసీ దాచినా, బాకీ గురించి తప్పుగా చెప్పినా ఆ ఆఫీసర్‌కి సెక్షన్ 447, అంటే మోసం సెక్షన్ వర్తిస్తుంది. మోసం మొత్తం 10 లక్షలు లేదా టర్నోవర్‌లో 1 శాతం, ఏది తక్కువైతే అది దాటితే ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా జైలు. డైరెక్టర్లు లిస్ట్ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికేది దీనికే.

ఆర్డర్ వచ్చిన రోజే తగ్గింపు అమలైపోతుందా?

లేదు. ఆర్డర్ కాపీ, దాంతో పాటు కొత్త క్యాపిటల్ ఎంత, షేర్లెన్ని, ఒక్కోటి ఎంత, ఎంత కట్టినట్టు అని రాసిన మినిట్, ఈ రెండూ కంపెనీ అందుకున్న 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. రిజిస్ట్రార్ నమోదు చేసి సర్టిఫికెట్ ఇస్తాడు. మొదటినుంచి చివరి దాకా ఎంత టైం పడుతుందని అడుగుతారు, క్రెడిటర్లకి ఇచ్చే మూడు నెలలే ఒక్కటి ఉంది, దానికి ముందు వెనక మీటింగులూ హియరింగులూ కలుపుకోండి, ఆరు నెలల లోపు అయిందంటే అదృష్టమే.

కొందరి షేర్లే రద్దుచేసి కొందరివి ఉంచొచ్చా?

ఉంచొచ్చు. 1894లో హౌస్ ఆఫ్ లార్డ్స్ బ్రిటిష్ అండ్ అమెరికన్ ట్రస్టీ అండ్ ఫైనాన్స్ కార్పొరేషన్ కేసులో అందరినీ ఒకేలా తగ్గించాలన్న నియమం లేదని చెప్పింది, మన కోర్టులూ ఆ దారిలోనే వెళ్లాయి. అయితే ఇది షేర్‌హోల్డర్ల మధ్య గొడవ, క్రెడిటర్‌కి ఎవరి షేర్ పోయిందన్నది కాదు, ఎంత డబ్బు బయటికి పోయిందన్నదే లెక్క.

బైబ్యాక్, అంటే కంపెనీ తన షేర్లు తానే కొనుక్కోవడం కూడా ఇదేనా?

ఫలితం ఒకేలా ఉంటుంది, దారి వేరు. సెక్షన్ 68 బైబ్యాక్‌కి ట్రిబ్యునల్ అక్కర్లేదు, కానీ మొత్తం పెట్టుబడి, ఫ్రీ రిజర్వుల్లో 25 శాతం దాటకూడదు, డైరెక్టర్లు బాకీలు తీర్చగలమని సాల్వెన్సీ డిక్లరేషన్ ఇవ్వాలి. అక్కడ మీకు మూడు నెలల నోటీసూ రాదు, లిస్ట్‌లో మీ పేరూ ఉండదు.

ఇష్యూ చేయని షేర్లని రద్దుచేస్తే?

అది తగ్గింపు కాదు, సెక్షన్ 61లో ఉంటుంది. ఎవరూ ఎప్పుడూ డబ్బు పెట్టని షేర్లవి, దానికి క్రెడిటర్లకి నోటీసు అక్కర్లేదు.

లిస్ట్ తేదీ తర్వాత నాకు బాకీ పడ్డారు, అంటే కొత్త సప్లయర్‌ని. నాకు హక్కేముంది?

ఆ లిస్ట్‌లో మీరుండరు, కాబట్టి వ్యక్తిగత నోటీసు రాకపోవచ్చు. సరుకు ఆర్డర్ ఒప్పుకునేముందు కంపెనీ వివరాలు ఎంసీఏ, అంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో చూడండి, ప్రత్యేక తీర్మానాన్ని కంపెనీ 30 రోజుల్లో ఎంజీటీ-14 ఫారంలో ఫైల్ చేయాలి కాబట్టి క్యాపిటల్ తగ్గింపు తీర్మానం ఏదైనా ఉంటే అక్కడ దొరుకుతుంది. దొరికితే క్రెడిట్ రోజులు తగ్గించండి లేదా అడ్వాన్స్ అడగండి.